ఫ్రిజ్, ఏసీ స్టార్ లేబుల్ చూసి ఏడాది కరెంటు ఖర్చు లెక్కగట్టడం ఎలా

కొత్త ఏసీ కొనడానికి షోరూమ్‌కు వెళ్తే అమ్మేవాళ్లు ముందుగా చూపించేది స్టార్లనే. "ఇది ఫైవ్ స్టార్ సార్, కరెంటు బిల్లు గురించి మర్చిపోండి" అంటారు. త్రీ స్టార్‌కూ ఫైవ్ స్టార్‌కూ ధరలో తేడా ఏడెనిమిది వేలు ఉంటుంది. ఆ తేడా మన ఇంట్లో ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పరు. అది చెప్పాలంటే మనం రోజుకు ఎన్ని గంటలు ఏసీ వేస్తామో, మన కరెంటు బిల్లు ఏ స్లాబులో ఉందో తెలియాలి. ఆ రెండూ మనకే తెలుసు. మిగతా వివరాలన్నీ లేబుల్ మీదే ఉంటాయి. కాగితం, పెన్ను, పాత కరెంటు బిల్లు దగ్గర పెట్టుకుంటే పావుగంటలో లెక్క తేలిపోతుంది.

ఈ లేబుల్‌ను నిర్దేశించేది కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ. అందరూ బీఈఈ అంటారు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం ప్రకారం 2002లో ఏర్పడిన ఈ సంస్థ 2006లో స్టార్ లేబుళ్లను ప్రవేశపెట్టింది. గది ఏసీలకు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు ఈ లేబుల్ తప్పనిసరి. అంటే లేబుల్ లేని కొత్త ఏసీని దుకాణంలో అమ్మకూడదు.

మొదటి పని: స్టార్ల కింద ఉన్న అంకెలు రాసుకోండి

లేబుల్ పైభాగంలో అర్ధచంద్రాకారంలో ఉన్న స్టార్లను కాసేపు పక్కన పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఉన్నవి చదవండి.

ఫ్రిజ్ లేబుల్ మీద మనకు కావలసినవి మూడు. ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయన్నది మొదటిది. అది ఫ్రాస్ట్ ఫ్రీనా, డైరెక్ట్ కూలా అన్నది రెండోది. ఎన్ని లీటర్లన్నది మూడోది. లీటర్ల దగ్గర రెండు అంకెలు కనిపిస్తే వాటిలో తక్కువది తీసుకోండి. సామాను నిజంగా పెట్టుకోగలిగిన చోటు అదే.

ఏసీ లేబుల్ మీద ఇంకొంచెం ఎక్కువ సమాచారం ఉంటుంది. ఏడాదికి యూనిట్లు, ఆ యూనిట్లు ఎన్ని గంటల వాడకానికి అన్నది, ఏసీ కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ఐఎస్ఈఈఆర్ అనే అంకె, చల్లదనం ఇచ్చే సామర్థ్యం వాట్లలో, అది స్ప్లిట్టా విండోనా అన్నది, మోడల్ నంబరు, లేబుల్ ఏ సంవత్సరానిదన్నది ఇందులో రాసి ఉంటాయి. వీటిని ఒక్కో ఏసీకి ఒక్కో వరుసలో రాసుకోండి. ఫోనుతో లేబుల్ ఫొటో తీసుకుంటే ఇంకా సులువు. ఇంటికి వచ్చి నిదానంగా లెక్క వేసుకోవచ్చు, అమ్మేవాళ్ల తొందర మన మీద పడదు.

లేబుల్ మీద యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. కాబట్టి లేబుల్ మీది అంకెను మీటరు అంకెతో నేరుగా పోల్చవచ్చు.

రెండో పని: స్టార్లను ఏ గుంపులో ఇచ్చారో చూడండి

స్టార్ల విషయంలో ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. స్టార్లు పరుగు పందెంలో ఇచ్చే స్థానాల్లాంటివి. ఏ గుంపు పందెంలో వచ్చిన స్థానమో తెలియకుండా వాటితో పోలిక కుదరదు.

ఫ్రిజ్‌లలో డైరెక్ట్ కూల్ రకానికి స్టార్లు నిర్ణయించే పట్టిక ఒకటి, ఫ్రాస్ట్ ఫ్రీ రకానికి వేరే పట్టిక ఉన్నాయి. సాధారణంగా సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు డైరెక్ట్ కూల్, డబుల్ డోర్‌వి ఫ్రాస్ట్ ఫ్రీ. డైరెక్ట్ కూల్‌లో ఫ్రీజర్‌లో పేరుకున్న ఐసును మనమే కరిగించాలి. ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లగాలిని తిప్పడానికి ఒక ఫ్యాను, ఐసు కట్టకుండా అప్పుడప్పుడు వేడెక్కే ఒక హీటరు ఉంటాయి. చల్లదనం కోసం కొన్న పెట్టెలో హీటరు పెట్టారంటే కరెంటు కాస్త ఎక్కువే తీసుకుంటుందని వేరే చెప్పనక్కర్లేదు. ఆ అదనపు ఖర్చును ఒప్పుకొనే ఫ్రాస్ట్ ఫ్రీ పట్టికను తయారు చేశారు.

పైగా ఒకే పట్టికలో కూడా లీటర్లు పెరిగేకొద్దీ ఒక స్టార్‌కు అనుమతించే యూనిట్లు పెరుగుతాయి. ఫ్రీజర్‌లోని ఒక లీటరుకు కింది భాగంలోని లీటరు కంటే లెక్కలో ఎక్కువ విలువ ఇస్తారు, ఎందుకంటే అక్కడ చల్లదనం ఎక్కువ కావాలి. అందువల్ల చాలా పెద్ద ఫ్రిజ్‌కు మూడు స్టార్లు, చిన్న ఫ్రిజ్‌కు రెండు స్టార్లు ఉన్నా, బిల్లు ఎక్కువ వచ్చేది పెద్దదానికే కావచ్చు.

లెక్క కోసం ఊహించుకున్న మూడు ఫ్రిజ్‌లు చూద్దాం. 190 లీటర్ల సింగిల్ డోర్, రెండు స్టార్లు, ఏడాదికి 170 యూనిట్లు. 250 లీటర్ల డబుల్ డోర్, మూడు స్టార్లు, 195 యూనిట్లు. అదే 250 లీటర్ల డబుల్ డోర్, రెండు స్టార్లు, 235 యూనిట్లు. స్టార్లు మాత్రమే చూసేవారు మూడు స్టార్ల డబుల్ డోరే పొదుపని అనుకుంటారు. ఏడాదికి 25 యూనిట్లు తక్కువ తీసుకునేది మాత్రం రెండు స్టార్ల సింగిల్ డోర్. ఇంట్లో నలుగురికి 190 లీటర్లు సరిపోతే పొదుపైన ఫ్రిజ్ అదే. సరిపోదనుకుంటే పోలిక రెండు డబుల్ డోర్ల మధ్య జరగాలి. అక్కడ తేడా 40 యూనిట్లు.

ఏసీలలోనూ ఇదే సంగతి. విండో ఏసీలకు, స్ప్లిట్ ఏసీలకు పట్టికలు వేరు. విండోకు పెట్టిన పరిమితులు తక్కువ. ఫైవ్ స్టార్ విండో, ఫైవ్ స్టార్ స్ప్లిట్ పక్కపక్కన పెట్టి రెండూ సమానమనుకుంటే నష్టపోతారు. ఆ రెంటినీ పోల్చాలంటే ఐఎస్ఈఈఆర్, యూనిట్లు చూడాలి.

మూడో పని: లేబుల్ ఏ సంవత్సరానిదో చూడండి

బీఈఈ కొన్నేళ్లకోసారి పట్టికను కఠినం చేస్తుంది. స్ప్లిట్ ఏసీల సంగతే తీసుకుంటే, 2022 జూన్ వరకు ఐఎస్ఈఈఆర్ 4.50 ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేవారు. 2022 జూలై నుంచి ఐదు స్టార్లకు 5.00 కావలసి వచ్చింది. 4.40 నుంచి 4.99 వరకు ఉన్నవి నాలుగు స్టార్లలోకి దిగాయి. అంటే జూన్‌లో ఐదు స్టార్ల లేబుల్‌తో గోదాములో ఉన్న 4.6 ఏసీ, జూలైలో కొత్తగా లేబుల్ వేస్తే నాలుగు స్టార్లదే అవుతుంది. యంత్రంలో ఒక్క మర కూడా మారలేదు.

కాబట్టి పాత స్టాకుకు భారీ తగ్గింపు ఇస్తున్నారంటే లేబుల్ మీది సంవత్సరం చూసి తీరాలి. ఏసీల విషయంలో 2018 నుంచి అన్నిటికీ ఐఎస్ఈఈఆరే కొలమానం. అందుచేత స్టార్లు ఏ ఏడాదివైనా ఆ అంకెను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. పాత లేబుల్ ఉన్నంత మాత్రాన ఆ ఏసీ చెడ్డదని కాదు. 4.6 ఉన్నది తక్కువ ధరకు వస్తే కొనవచ్చు. కానీ దాన్ని నేటి ఫైవ్ స్టార్ అనుకొని నేటి ఫైవ్ స్టార్ ధర ఇవ్వకూడదు.

నాలుగో పని: ఏసీలో సామర్థ్యాన్ని సమం చేసుకోండి

ఐఎస్ఈఈఆర్ అంటే, ఏసీ ఏడాది వాడకమంతటిలో గది నుంచి బయటకు తోడేసిన వేడిని, అందుకు తీసుకున్న కరెంటుతో భాగిస్తే వచ్చేది. 3.9 అంటే ఒక యూనిట్ కరెంటుకు 3.9 యూనిట్ల వేడిని బయటకు పంపుతుంది. అంకె పెద్దదయ్యేకొద్దీ మంచిది. దీన్ని లెక్కించడానికి మన దేశ వాతావరణాన్నే తీసుకున్నారు. బయట 24 డిగ్రీల నుంచి 43 డిగ్రీల వరకు ఏ ఉష్ణోగ్రత ఎన్ని గంటలు ఉంటుందో ఒక పంపకం వేసి, మొత్తం 1600 గంటలకు కట్టారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. యూనిట్ల అంకె సామర్థ్యం మీద కూడా ఆధారపడుతుంది. ఒక టన్ను అంటే దాదాపు 3,517 వాట్లు. ఆ లెక్కన టన్నున్నర అంటే 5,275 వాట్లు ఉండాలి. దుకాణంలో టన్నున్నర అని అమ్మే ఏసీల లేబుళ్లు చూస్తే సామర్థ్యం 4,600 దగ్గర కొన్ని, 5,200 దగ్గర కొన్ని కనిపిస్తాయి. తక్కువ చల్లదనం ఇచ్చే ఏసీకి తక్కువ యూనిట్లు పడటంలో గొప్పేమీ లేదు.

మూడు ఏసీలను ఊహించుకుందాం. అన్నీ టన్నున్నర స్ప్లిట్లే.

మొదటిది: 4,850 వాట్లు, మూడు స్టార్లు, ఐఎస్ఈఈఆర్ 3.9, ఏడాదికి 960 యూనిట్లు.
రెండోది: 4,850 వాట్లు, ఐదు స్టార్లు, ఐఎస్ఈఈఆర్ 5.1, ఏడాదికి 740 యూనిట్లు.
మూడోది: 4,600 వాట్లు, మూడు స్టార్లు, ఏడాదికి 920 యూనిట్లు.

మొదటిదాని కంటే మూడోది 40 యూనిట్లు పొదుపు చేస్తున్నట్టు కనిపిస్తుంది. యూనిట్లను సామర్థ్యంతో, అంటే వెయ్యి వాట్ల లెక్కతో, భాగించి చూడండి. మొదటిదానికి 960ని 4.85తో భాగిస్తే 198. మూడోదానికి 920ని 4.6తో భాగిస్తే 200. పొదుపు ఏమీ లేదు. పైగా ఎండ తగిలే పై అంతస్తు గదిలో మూడోది చల్లబరచడానికి ఇంకాసేపు పూర్తి బలంతో నడవాలి. అందుకే ముందుగా గదికి ఎన్ని వాట్లు కావాలో తేల్చుకొని, దగ్గరదగ్గరగా అదే సామర్థ్యం ఉన్న వాటినే పోల్చాలి. అలా చూస్తే ఇప్పుడు మనకు మిగిలే పోలిక మొదటి రెంటి మధ్యే.

ఐదో పని: 1600 గంటలను మీ గంటలుగా మార్చండి

ఫ్రిజ్‌కు ఈ పని అక్కర్లేదు. అది ఏడాది పొడవునా ఆగకుండా నడిచేదే కాబట్టి లేబుల్ మీది యూనిట్లను అలాగే తీసుకోవచ్చు. ఏసీకి మాత్రం ఇది తప్పనిసరి. 1600 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 200 రోజులు. మన ఇళ్లలో చాలామంది అంత వాడరు. విశాఖపట్నంలో ఉక్కపోత వల్ల అక్టోబరు దాకా వేసేవారు ఉంటారు. హైదరాబాద్‌లో జూన్‌లో వానలు పడగానే కట్టేసేవారూ ఉంటారు.

నెలవారీగా రాసుకోండి. హైదరాబాద్‌లోని ఒక ఇంటిని తీసుకుందాం. పడకగదిలో మాత్రమే ఏసీ ఉంది. మార్చిలో రోజుకు 5 గంటలు, ఏప్రిల్, మే నెలల్లో 8 గంటలు, జూన్‌లో 5 గంటలు వేస్తారు. మార్చి 155, ఏప్రిల్ 240, మే 248, జూన్ 150 గంటలు. మొత్తం 793. అంటే లేబుల్ అనుకున్నదానిలో సుమారు సగం.

ఇప్పుడు లేబుల్ యూనిట్లను 1600తో భాగిస్తే గంటకు సగటున ఎంతో వస్తుంది. త్రీ స్టార్‌కు 0.60 యూనిట్, ఫైవ్ స్టార్‌కు 0.46 యూనిట్. దీన్ని నెల గంటలతో గుణిస్తే ఆ నెల యూనిట్లు తేలతాయి. త్రీ స్టార్‌కు మార్చిలో 93, ఏప్రిల్‌లో 144, మేలో 149, జూన్‌లో 90. ఫైవ్ స్టార్‌కు అదే వరుసలో 72, 111, 115, 69. ఏడాది మొత్తానికి తేడా 109 యూనిట్లు. లేబుళ్లు చూస్తే 220 అనిపించింది. మన వాడకంలో అది సగానికి వచ్చింది.

ఆరో పని: మీ స్లాబులో యూనిట్ విలువ తెలుసుకోండి

యూనిట్లను రూపాయలుగా మార్చేటప్పుడు చాలామంది బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ధర తీసుకుంటారు. ఆ పద్ధతి ఇక్కడ సరికాదు. ఏసీ వల్ల పడే యూనిట్లు బిల్లులో అన్నిటికంటే పైన చేరేవి. అందువల్ల వాటికి పై స్లాబు ధర పడుతుంది. పొదుపయ్యే యూనిట్లూ ఆ పైనుంచే తగ్గుతాయి.

తెలంగాణలో 2022 నుంచి అమలవుతున్న గృహ వినియోగ ధరలు ఇలా ఉన్నాయి. నెలకు 100 దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లకు రూ.3.40, తర్వాతి 100కు రూ.4.80. నెలలో 200 దాటితే మొదటి 200కే రూ.5.10 చొప్పున, 201 నుంచి 300 వరకు రూ.7.70, 301 నుంచి 400 వరకు రూ.9.00, ఆపైన ఇంకా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అందరికీ ఒకే మెట్ల వరుస: మొదటి 30కి రూ.1.90, 75 వరకు రూ.3.00, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6.00, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. వీటి మీద స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరుగా ఉంటాయి. మీరు లెక్క వేసే నాటికి ధరలు మారి ఉండవచ్చు కాబట్టి తాజా బిల్లు మీద ఉన్నవే వాడండి. పద్ధతి అదే.

మన హైదరాబాద్ ఇంట్లో ఏసీ లేకుండా నెలకు 180 యూనిట్లు అనుకుందాం. మే నెల చూద్దాం. త్రీ స్టార్‌తో మొత్తం 329 యూనిట్లు. మొదటి 200కు రూ.1,020, తర్వాతి 100కు రూ.770, మిగిలిన 29కి రూ.261. మొత్తం రూ.2,051. ఫైవ్ స్టార్‌తో 295 యూనిట్లు. రూ.1,020, ఆపై 95 యూనిట్లకు రూ.731.50, కలిపి రూ.1,751.50. తేడా దాదాపు 300 రూపాయలు. తగ్గింది 34 యూనిట్లే. యూనిట్‌కు రూ.8.80 మిగిలినట్టు.

ఏప్రిల్‌లో ఇలాగే వేస్తే తేడా రూ.285. మార్చి, జూన్ నెలల్లో తేడా 21 యూనిట్ల చొప్పున, యూనిట్ రూ.7.70 కాబట్టి నెలకు రూ.162. నాలుగు నెలలూ కలిపితే ఏడాదికి సుమారు రూ.900. ఇదే ఇల్లు విజయవాడలో ఉంటే తేడా యూనిట్లన్నీ రూ.8.75 మెట్టులోనే పడతాయి. అక్కడ పొదుపు దాదాపు రూ.950.

తెలంగాణ వాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 200 యూనిట్ల దగ్గర అక్కడ బిల్లు మెట్టు ఎక్కదు, ఒక్కసారిగా గోడ ఎక్కుతుంది. సరిగ్గా 200 వాడితే రూ.820. అదే 201 వాడితే వర్గం మారిపోయి మొదటి యూనిట్ నుంచే రూ.5.10 పడుతుంది, బిల్లు రూ.1,027.70 అవుతుంది. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల పైమాటే.

ఈ గోడ దగ్గరలో ఉన్న ఇంటికి లేబుల్ మీది చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. ఏసీ లేకుండా 110 యూనిట్లు వాడే చిన్న కుటుంబాన్ని చూడండి. మార్చిలో త్రీ స్టార్ వేస్తే 203 యూనిట్లు, బిల్లు రూ.1,043. ఫైవ్ స్టార్ వేస్తే 182 యూనిట్లు, బిల్లు రూ.734. 21 యూనిట్లకు రూ.309 తేడా. అంటే యూనిట్‌కు దాదాపు 15 రూపాయలు. గృహజ్యోతి పథకంలో ఉన్న ఇంటికైతే 200 దాటిన నెల ఆ సున్నా బిల్లు పోయి మొత్తం సొమ్ము కట్టాల్సి వస్తుంది. అలాంటి కుటుంబాలు ఏసీ కొనేముందు ఏడాది మొత్తానికి సగటు వేసుకోవడం కంటే, ఏ నెలలో 200 దాటుతామో నెలవారీగా రాసుకొని చూడటం మంచిది.

ఏడో పని: ధరలో తేడాను పొదుపుతో భాగించండి

ఫైవ్ స్టార్‌కు త్రీ స్టార్ కంటే రూ.8,000 ఎక్కువ పెట్టాలి అనుకుందాం. 180 యూనిట్ల ఇంటికి ఏడాదికి రూ.900 మిగులుతోంది. 8,000ను 900తో భాగిస్తే దాదాపు తొమ్మిదేళ్లు. ఏసీ పదేళ్లు మన్నినా లాభం నామమాత్రమే. ఈ ఇంటికి నేను త్రీ స్టార్‌నే సూచిస్తాను. మిగిలిన ఎనిమిది వేలతో కిటికీలకు మందమైన పరదాలు వేయించుకుంటే, మిద్దె మీద తెల్లటి వేడి నిరోధక పూత వేయించుకుంటే ఏసీ నడిచే సమయమే తగ్గుతుంది.

ఇదే ఇంట్లో పెద్దవాళ్లు పగలూ ఉంటూ, నిజంగా 1600 గంటలు వాడతారనుకోండి. అప్పుడు తేడా 220 యూనిట్లు. పై స్లాబులో యూనిట్‌కు ఎనిమిదిన్నర రూపాయలు వేసుకుంటే ఏడాదికి సుమారు రూ.1,870. నాలుగేళ్ల పైన కొన్ని నెలల్లో డబ్బు తిరిగి వచ్చేస్తుంది. ఇంటి నుంచే పనిచేసేవారికి, ట్యూషన్ సెంటర్‌కు, క్లినిక్‌కు ఫైవ్ స్టార్ కొనడమే తెలివైన పని. ఏసీ అదే, లేబుల్ అదే. వాడకం మారితే సరైన నిర్ణయం మారిపోతుంది.

ఫ్రిజ్‌కు ఈ లెక్క ఇంకా సులువు. పైన చెప్పిన రెండు డబుల్ డోర్ల మధ్య తేడా ఏడాదికి 40 యూనిట్లు, నెలకు మూడు పైచిలుకు. 180 యూనిట్ల హైదరాబాద్ ఇంట్లో ఏసీ వేయని ఎనిమిది నెలలు యూనిట్ రూ.4.80, వేసవి నాలుగు నెలలు సుమారు రూ.8. మొత్తం ఏడాదికి రూ.235 దాకా మిగులుతుంది. మూడు స్టార్లదానికి రూ.1,500 ఎక్కువ అడిగితే ఆరున్నరేళ్లలో తిరిగి వస్తుంది. ఫ్రిజ్‌లు సాధారణంగా పదేళ్లు దాటి నడుస్తాయి కాబట్టి కొనవచ్చు. రూ.4,000 ఎక్కువ అడిగితే కరెంటు పొదుపు కోసం మాత్రం కొనవద్దు.

లేబుల్ అంకె ఎక్కడ తప్పుతుంది

లేబుల్ మీది యూనిట్లు ప్రయోగశాలలో కొలిచినవి. రెండు యంత్రాల మధ్య తేడా చెప్పడానికి అవి బాగా పనికొస్తాయి. మన బిల్లు ఎంత వస్తుందో సరిగ్గా చెప్పడానికి అంతగా పనికిరావు.

ముఖ్యంగా రామగుండం, ఖమ్మం, నంద్యాల లాంటి చోట్ల ఏసీని మే నెల మధ్యాహ్నాల్లో మాత్రమే వేసేవారికి గంటకు 0.60 యూనిట్ అన్న సగటు చాలదు. లేబుల్ లెక్కలో 43 డిగ్రీల గంటలు కొద్దిగానూ, చల్లగా ఉండే గంటలు ఎక్కువగానూ ఉన్నాయి. బయట 44 డిగ్రీల ఎండలో ఏసీ పూర్తి బలంతో నడుస్తుంది. అప్పుడు గంటకు యూనిట్ దాటడం మామూలే. రాత్రి పది తర్వాత వేసేవారికి మాత్రం సగటు దగ్గరగానే వస్తుంది, ఎందుకంటే గది చల్లబడ్డాక ఇన్వర్టర్ ఏసీ సగం బలంతోనో అంతకంటే తక్కువతోనో నడుస్తుంది. లేబుల్ మీద పూర్తి సామర్థ్యంతో పాటు సగం సామర్థ్యం అంకె కూడా ఇచ్చేది అందుకే. ఉష్ణోగ్రతను ఎంతకు పెడతామన్నదీ ముఖ్యమే. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీలకు వస్తాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని బీఈఈ చెబుతుంది. 18కి దించి పడుకునేవారి ఇంట్లో ఫైవ్ స్టార్ పొదుపు మొత్తం అక్కడే ఆవిరైపోతుంది.

ఫ్రిజ్‌ను వంటింట్లో పొయ్యి పక్కన, వెనుక వైపు గోడకు ఆనించి పెడితే లేబుల్ అంకె కంటే ఎక్కువే పడుతుంది. వెనుక, పక్కల గాలి ఆడే చోటు వదలాలి. తలుపు రబ్బరు వదులైనా ఇంతే. తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి. జారిపోతే రబ్బరు మార్పించాలి.

కొనే రోజున, కొన్నాక సరిచూసుకోవడం

లేబుల్ మీది మోడల్ నంబరును యంత్రం మీద అతికించిన కంపెనీ పలక మీది నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఒక్క అక్షరం తేడాతో త్రీ స్టార్, ఫైవ్ స్టార్ మోడళ్లు ఉంటాయి. స్ప్లిట్ ఏసీలో లోపలి యూనిట్‌తో పాటు బయటి యూనిట్ నంబరు కూడా చూడాలి. కొనే రోజు షోరూమ్‌లో చూసిన జత ఒకటి, ఇంటికి వచ్చిన జత ఒకటి కాకూడదు. అదే నంబరును బీఈఈ వారి beestarlabel.com వెబ్‌సైట్‌లో గానీ, BEE Star Label యాప్‌లో గానీ వెతికితే నమోదైన స్టార్లు, యూనిట్లు కనిపిస్తాయి. లేబుల్ మీదివీ అక్కడివీ కలవకపోతే ఆ సరుకు తీసుకోకండి. బిల్లు మీద పూర్తి మోడల్ నంబరు రాయించుకోండి. "టన్నున్నర ఫైవ్ స్టార్" అని మాత్రమే రాస్తే రేపు ఫిర్యాదు చేయడానికి ఆధారం ఉండదు.

ఏసీ బిగించాక మీటరుతోనే పరీక్షించవచ్చు. రాత్రి పదింటికి, తెల్లవారి ఆరింటికి మీటరులో kWh రీడింగ్ రాసుకోండి. మీటరు తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి, పక్కన kWh అని ఉన్నదాన్నే తీసుకోవాలి. మర్నాడు ఏసీ వేయకుండా అదే సమయానికి మళ్లీ రాసుకోండి. రెండు రాత్రుల వాడకంలో తేడా ఎనిమిది గంటల ఏసీది. మీటరులో దశాంశాలు కనిపించకపోతే ఒక రాత్రి లెక్క మోటుగా ఉంటుంది. అప్పుడు వారం రాత్రులు వేసి, వారం రాత్రులు ఆపి పోల్చండి.

మన ఉదాహరణలోని ఫైవ్ స్టార్ ఏసీకి ఎనిమిది గంటలకు నాలుగు యూనిట్ల లోపు రావాలి. 24 డిగ్రీలకు పెట్టి, రాత్రి పూట, ఆరేడు యూనిట్లు వస్తుంటే ముందు ఫిల్టరు కడగండి. బయటి యూనిట్‌కు ఎదురుగా గోడ గానీ, ఎండబెట్టిన దుప్పట్లు గానీ ఉండి వేడిగాలి తిరిగి దానిలోకే పోతోందేమో చూడండి. అవి సరిగ్గా ఉన్నా తగ్గకపోతే రీడింగులు రాసిన కాగితంతో వారంటీలోనే కంపెనీ సర్వీసు వారిని పిలిచి, గ్యాస్ ఒత్తిడి చూపించమనండి. బిగించేటప్పుడు పైపు అతుకుల దగ్గర గ్యాస్ కారితే గది చల్లబడటానికి ఏసీ పూర్తి బలంతో రాత్రంతా నడుస్తూనే ఉంటుంది.